ఏడో నియమం

మా పిల్లల నాలుగో తరగతి తల్లిదండ్రుల గ్రూపుకు నియమాలు రాసింది నేనే. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. అంతకుముందు ఆ గ్రూపు బస్టాండులా ఉండేది. ఆటో నడిపే ప్రేమ్‌రాజ్ తెల్లవారకముందే గులాబీ పూలు పంపేవాడు. పత్తర్‌గట్టిలో గాజుల దుకాణం ఉన్నావిడ రాత్రి పదకొండింటికి కొత్త సరుకు ఫోటోలు పెట్టేది. ఒకసారి పెన్సిల్ డబ్బా గురించి ఇద్దరు తల్లులు యాభై మెసేజీల దాకా తిట్టుకుంటే, మధ్యలో టీచర్ పెట్టిన పరీక్షల తేదీ ఎవరికీ కనబడలేదు.

క్లాస్ టీచర్ విమలాదేవి తల పట్టుకుని, "మీరు ఆఫీసులో చేస్తారు కదా సూర్యప్రభగారూ, ఏదైనా పద్ధతి పెట్టండి" అని నన్నే అడ్మిన్‌ను చేసింది. పెట్టాను. తరగతి విషయాలు తప్ప ఇంకేమీ పంపకూడదు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఏడు దాకా ఎవరూ ఎవరినీ కదిలించకూడదు, అత్యవసరమైతే నేరుగా టీచర్‌కు ఫోన్ చేయాలి. పిల్లల మీద, టీచర్ల మీద ఫిర్యాదులు గ్రూపులో కాదు, విడిగా చెప్పుకోవాలి. వాయిస్ మెసేజీలు వద్దు, రాసి పంపాలి. చదివినవాళ్లు "ఓకే మేడమ్, థాంక్యూ మేడమ్" అనకుండా బొటనవేలి గుర్తు పెడితే చాలు. ఆరోది, అందరినీ గౌరవించాలి, రెండు హెచ్చరికల తర్వాత మూడో తప్పుకు వారం రోజులు తొలగింపు. ఏడోది నా సొంత ఆలోచన. తొలగించినవాళ్లకు ముఖ్యమైన కబురేదైనా ఉంటే అడ్మినే స్వయంగా ఫోన్ చేసి చెప్పాలి. పెద్దల తప్పుకు పిల్లలు నష్టపోకూడదని దాని కింద రాశాను కూడా. ముప్పై నాలుగు బొటనవేళ్లు వచ్చాయి. మా ఆయన రంగనాథ్ చదివి, నన్ను కలెక్టర్‌ను చేయాల్సింది అన్నాడు.

ఆ ముప్పై నాలుగులో ఒకటి కాశమ్మది. ఫలక్‌నుమాలో రోడ్లు ఊడుస్తుంది, అయిదున్నరకే డ్యూటీ. ఆమెకు చదువు రాదు. సాయంత్రం ఆమె కూతురు షారోన్ ఫోన్ తీసుకుని మెసేజీలన్నీ చదివి వినిపిస్తుంది. పగలు మాత్రం ఏది వచ్చినా కాశమ్మ తనే బొటనవేలు పెట్టేస్తుంది. ఇది గ్రూపులో ఎవరికి తెలుసో నాకు తెలియదు. నాకైతే బాగా తెలుసు.

షారోన్ గురించి కూడా చెప్పాలి. జిల్లా పద్యాల పోటీకి మా తరగతి నుంచి ఒక్కరినే పంపుతారు. మా అభిజ్ఞకు నెల రోజులు నేను దగ్గర కూర్చుని నేర్పించాను. మా మామగారు గుడిలో అర్చకులు, ఇంట్లో పద్యం వినబడని పూట లేదు. ఎంపికలో షారోన్ ఒక్క తప్పు లేకుండా చదివింది. అభిజ్ఞ రెండు చోట్ల ఆగింది. రోడ్లు ఊడ్చే మనిషి కూతురు నా బిడ్డకంటే ముందు నిలబడింది. నాకు ఒళ్లు మండింది, దాచుకోవడం దేనికి?

కాశమ్మ మొదటి హెచ్చరిక ఒకరోజు రాత్రి తొమ్మిదిన్నరకు తెచ్చుకుంది. షారోన్‌కు జ్వరం, హోంవర్క్ ఏమిచ్చారని వాయిస్‌లో అడిగింది. రెండోది మర్నాడు పొద్దున ఆరింటికి. పాప బడికి రాదని మళ్లీ వాయిస్‌లోనే చెప్పింది, వెనకాల చీపురు చప్పుడు. రెండుసార్లూ నియమాలు ఎత్తి చూపాను. తప్పు కదా మరి.

మూడోది సోమవారం మధ్యాహ్నం. ఆశ్రిత వాళ్ల తాతగారు పోయారని ఆ పిల్ల నాన్న గ్రూపులో పెట్టాడు. అందరూ దండం గుర్తులు పెట్టారు. వాటి మధ్య కాశమ్మ బొటనవేలు నిక్కపొడుచుకుని నిలబడింది. ఒకరిద్దరు నాకు విడిగా రాశారు, ఇదేం మర్యాద అని. చదివినవాళ్లు బొటనవేలు పెట్టాలని రాసింది నేనే. ఆమె చదవలేదని తెలిసిందీ నాకే. అయినా గౌరవ నియమం కింద తీసేశాను.

గురువారం బడి ఒంటిపూటే, నేనూ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయాక రెండింటికి టీచర్ గ్రూపులో పెట్టింది. శనివారం జరగాల్సిన పద్యాల పోటీ శుక్రవారానికి మారింది, బహదూర్‌పురాలో ఇంకో స్కూల్లో. పిల్లను ఎనిమిదిన్నరకు అక్కడికే తీసుకురావాలి. ఆరింటిలోపు ఇంట్లోవాళ్లు సరే అనకపోతే రెండో పేరు పంపుతామని. రెండో పేరు అభిజ్ఞ.

వెంటనే టీచర్ నాకు ఫోన్ చేసి, కాశమ్మ గ్రూపులో లేదు కదా అంది. ఏడో నియమం ఉంది, నేను చూసుకుంటానన్నాను. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. కాశమ్మ నంబరు కళ్లముందే ఉంది. టీ పెట్టుకున్నాను. బట్టలు మడతపెట్టాను. అభిజ్ఞ చేత పద్యం నాలుగుసార్లు చెప్పించాను, ఈసారి ఎక్కడా ఆగలేదు.

ఆరింటికి టీచర్ మళ్లీ చేసింది.

"వాళ్ల దగ్గర్నుంచి జవాబేమైనా వచ్చిందా?"

"రాలేదు టీచర్."

అది అబద్ధం కాదు. అడగని దానికి జవాబెలా వస్తుంది? ఎనిమిది దాటాక ఒక్కసారి మనసు పీకింది, ఇప్పుడైనా చెప్పేద్దామా అని. ఎనిమిది తర్వాత ఎవరినీ కదిలించకూడదు. నేను రాసిన నియమం నేనే తప్పుతానా?

అభిజ్ఞకు రెండో బహుమతి వచ్చింది. షారోన్ ఆ రోజు ఎప్పటిలాగే బడికి వచ్చి, పోటీ ఆ పూటే జరుగుతోందని పక్క పిల్ల చెబితే విన్నదట. ఏడవలేదట. ఆ మాట టీచర్ చెప్పినప్పుడు నాకు కాస్త తేలికగా అనిపించింది కూడా.

శనివారం మధ్యాహ్నం బడి గేటు దగ్గర కాశమ్మ నన్ను ఆపింది. గొడవకు వచ్చిందనుకుని గట్టి మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆమె రెండు చేతులూ జోడించింది.

"తప్పు నాదే మేడమ్. నాకు సదువు రాదు. సావు కబురని తెల్వక ఏలు పెట్టిన. నా వల్ల బిడ్డకు గిట్లయింది. మల్ల గ్రూపుల పెట్టుండ్రి, ఇంక బిడ్డ సదివి చెప్పినంకనే ఏలు పెడ్త."

వారం కాలేదు, అయినా దయ చూపిస్తున్నానని అక్కడే నిలబడి చేర్చాను. ఆమె నాకు దండం పెట్టింది. నేను పెట్టించుకున్నాను.

ఆ సాయంత్రం ఏడు నలభైకి, కాశమ్మ నంబరు నుంచి గ్రూపులో మెసేజ్ వచ్చింది. వాయిస్ కాదు. ఒక్క అక్షరం తప్పు లేని తెలుగు.

"నమస్కారం ఆంటీ. నేను షారోన్‌ను. నియమాలన్నీ మా అమ్మకు మళ్లీ చదివి వినిపించిన. ఏడోది చదివినప్పుడు మీరు ఫోన్ చేసిన్రా అని అమ్మను అడిగిన. రాలేదన్నది. చేసిన్రా ఆంటీ?"

టైమ్ సరిగ్గా ఉంది. గౌరవం ఉంది. తరగతి విషయమే. చదివినవాళ్ల లెక్క పెరుగుతోంది, ఇరవై, ఇరవై ఆరు, ముప్పై. టీచర్ కూడా చదివింది.

ఏడు నలభై ఆరుకు ఆ మెసేజ్ తీసేశాను. కింద రాశాను: "మూడో నియమం. ఫిర్యాదులు గ్రూపులో వద్దు, విడిగా చెప్పుకోవాలి. పిల్లలకు ఫోన్లు ఇవ్వకండి. చదివినవాళ్లు గుర్తు పెట్టండి."

బొటనవేళ్లు రావడం మొదలైంది. ప్రేమ్‌రాజ్ పెట్టాడు. గాజుల ఆవిడ పెట్టింది. ఆశ్రిత నాన్న పెట్టాడు. కాస్త ఆగి టీచర్ పెట్టింది. అభిజ్ఞ నా భుజం మీదుగా చూస్తూ లెక్కపెట్టింది. ముప్పై మూడు. ఒకటి తక్కువ అంది.

ఎనిమిదికి రెండు నిమిషాలుండగా అది కూడా వచ్చింది. కాశమ్మది. బిడ్డ చదివి చెప్పిన తర్వాతే వేలు పెడతానని మధ్యాహ్నమే నాతో అంది.