బర్రె గొంతు

హీరో ఎప్పుడో ఖాయమైపోయాడు. లకుముకి పిట్ట. మూలలు తేలిన ఒళ్లు, బాణం లాంటి ముక్కు, నీలం, నారింజ రంగులు, కీచుగొంతు. ఇక్కడ ఉన్నట్టే ఉండి మరుక్షణం ఇంకోచోట తేలుతాడు. మిగిలింది వాడికో జోడీ. దూలపల్లిలో అట్టపెట్టెల కార్ఖానా పై అంతస్తులో, పిల్లల కార్టూన్లు తీసే ఆ చిన్న ఆఫీసులో, ఆ పని శ్రవణ్ నెత్తిన పడింది.

మొదట పిచ్చుకను గీశాడు. ముచ్చటగానే కుదిరింది. డైరెక్టర్ మధుసూదన్ రెండు బొమ్మలనూ కంప్యూటర్లో నల్లరంగుతో నింపేసి, "ఇండ్ల హీరో ఎవడో చెప్పు" అన్నాడు. రెండు నల్లమచ్చలూ ఒకతల్లి పిల్లల్లా ఉన్నాయి. శ్రవణ్ పిచ్చుకను చెరిపేశాడు.

తర్వాత ఒకరోజు శామీర్‌పేట చెరువు దగ్గర బండి ఆపుకుని కూర్చుంటే, నీళ్లలోంచి లేచి వస్తున్న బర్రె కనబడింది. ఇంకేముంది! అన్నీ గుండ్రాలే, ఎక్కడా మొన లేదు. దాని బూడిద రంగు పక్కన పెడితే పిట్ట నీలం రెండింతలు మెరిసింది. నడక మరీ బాగా కుదిరింది. ముందు బరువు పక్కకు ఒరగాలి, ఆ తర్వాతే కాలు లేవాలి. తల తిరిగిన కాసేపటికి గాని చెవులు తిరగవు. పిట్ట నాలుగు చోట్లకు ఎగిరొచ్చేలోపు బర్రె ఒక్క అడుగు వేస్తుంది.

గొంతు దగ్గరే కథ అడ్డం తిరిగింది. బర్రెకు గొంతివ్వడానికి వచ్చినవాళ్లంతా గొంతు బొంగురు చేసుకుని, ఒకడు రాక్షసుడిలా, ఒకడు తాగుబోతులా మాట్లాడి పోయారు. "శుక్రవారం దాక చూస్త. కుదరకుంటే బర్రెను తీసేద్దాం" అన్నాడు మధుసూదన్.

కావలసిన గొంతు ఎక్కడుందో శ్రవణ్‌కు తెలుసు. లాల్‌గడి మలక్‌పేట్‌లో, తన ఇంట్లోనే ఉంది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత అతని భార్య హరిచందన గొంతు కిందికి దిగిపోయింది. మెల్లగా, గాలి కలిసి, అడుగు నుంచి వస్తుంది. అప్పటినుంచి ఆమె బయటివాళ్ల ముందు నోరు విప్పడం మానేసింది. దుకాణంలో వేలితో చూపించి తెచ్చుకుంటుంది. మాట్లాడేది మొగుడితోనే. అలాంటి మనిషిని పట్టుకుని బర్రెకు గొంతివ్వమని ఏ నోటితో అడగాలి?

అడగలేదు మహానుభావుడు. అన్నం తింటూ ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి పక్కన పెట్టాడు. "మెల్లగ తిను. నిన్ను ఎవరన్న తరుముతున్నరా?" అందామె. మర్నాడు పిట్టా బర్రే కలిసి మాట్లాడుకునే సీన్లో ఆ మాటను బర్రె నోట్లో పెట్టాడు. ఆఫీసంతా పకపకా నవ్వింది. "గిదే! ఎవరిది గీ గొంతు?" అంటూ మధుసూదన్ కుర్చీలోంచి లేచాడు.

ఆ నవ్వు విన్నాకగాని తాను చేసింది ఎంత పాడుపనో శ్రవణ్‌కు తట్టలేదు. ఆమె నమ్మి మాట్లాడుతున్న ఒక్క మనిషీ తనే. ఇది తెలిస్తే తనతో కూడా మాట మానేస్తుంది. అయినా దాచుకుని తిరగడం చేతకాక, ఇంటికెళ్లగానే అంతా చెప్పేసి ఫోన్ ఆమె చేతికిచ్చాడు.

హరిచందన ఆ బొమ్మను చూసింది, తన మాట విన్నది.

"నన్ను బర్రెను జేసినవా?"

"తప్పయింది, చందనా. తీసేస్త. రేపే చెప్త."

"నవ్విన్రా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "నవ్విన్రు."

ఆమె ఫోన్ తీసుకుని వంటింట్లోకి పోయి తలుపేసుకుంది. శ్రవణ్ బయట తచ్చాడుతూనే ఉన్నాడు. లోపల అదే ముక్క మళ్లీ మళ్లీ వినబడుతోంది. పాపం, ఆపరేషన్ అయ్యాక ఆమె తన గొంతును తాను బయటినుంచి వినడం అదే మొదలు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"గా పిట్టగాడు నా మాట అయిపోకముందే అందుకుంటున్నడు. జర ఆగమను వాణ్ని."

ఫోన్ శ్రవణ్ చేతిలో పెట్టింది.

"మీ ఆఫీసుకు వస్త. గని గిట్ల దొంగతనంగ గాదు. అడిగి తీస్కపో."

"వస్తవా, చందనా?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

శుక్రవారం ఆమె మైకు ముందు నిలబడింది. పిట్టకు గొంతిచ్చే సన్నీ పక్కనే ఉన్నాడు. మధుసూదన్ బయటినుంచి, "మేడం, జర కామెడీగ" అన్నాడు.

"నేను నవ్వియ్య సార్. నాకెట్లొస్తే గట్లనే మాట్లాడ్త."

మాట్లాడింది. ఆమె మాట పూర్తయ్యేదాకా సన్నీ ఆగాడు. తెర మీద పిట్ట ముక్కు తెరుచుకుని, మాట్లాడలేక, గిలగిల్లాడిపోతోంది. ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని బర్రె చెవి ఆ సందులో తీరిగ్గా తిరిగింది. గదిలో నవ్వు పుట్టింది. ఈసారి అందరూ నవ్వింది పిట్ట తొందరను చూసి.

చాయ్ తాగేటప్పుడు సన్నీ అమాయకంగా, "అక్కా, జలుబు చేసిందా?" అన్నాడు. శ్రవణ్ తనే ఏదో చెప్పబోయాడు. హరిచందన చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"జలుబు గాదు తమ్మీ. ఆపరేషన్ల నరం దెబ్బతిన్నది. ఇగ నా గొంతు గిదే" అంది, గదిలో అందరికీ వినబడేలా.