మరణించిన స్థలం

నాన్న పోయిన పదహారో రోజుకు కూడా ఆ ఫారంలో ఒక గడి ఖాళీగానే ఉంది.

మిగతావన్నీ నేనే నింపాను. పేరు షేక్ మీరావలి. వయసు యాభై ఎనిమిది. వృత్తి పరుపులు కుట్టడం. భార్య పేరు రహమతున్నీసా. పొగతాగే అలవాటు ఉందా, ఉంటే ఎన్నేళ్లుగా అని కూడా అడుగుతారు. బీడీ, ముప్ఫై ఏళ్లు అని రాశాను. ఆ తర్వాతది మరణించిన స్థలం. ఆస్పత్రి, ఇల్లు, ఇతరం. ఏదో ఒకదాని మీద టిక్కు పెట్టాలి. దాని కింద సమాచారం ఇచ్చినవారి సంతకం. ఆ సంతకం మా అన్న నజీర్ చేయాలి. ఆ రోజు నాన్నతో ఉన్నది అతనొక్కడే.

"రేపు చేస్తాలే" అంటున్నాడు రోజూ.

ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే కాబట్టి కాగితాలన్నీ నా వాటాకు వచ్చాయి. నరసరావుపేటలో నేను పాఠాలు చెప్పే స్కూల్లో నెల సెలవు పెట్టాను. గట్టి అట్ట ఉన్న నోటుబుక్కు ఒకటి తీసుకుని, మొదటి పేజీలో పనులు పంచాను. మరణ ధ్రువపత్రం, రేషన్ కార్డులో పేరు తీయించడం, గ్యాస్ కనెక్షన్ అమ్మ పేరుకు మార్చడం, బ్యాంకు, వితంతు పింఛను దరఖాస్తు: ఇవి నావి. సమాధి చుట్టూ మట్టి సర్దించడం, మూడో రోజు సమాధి దగ్గర చేసే జియారత్‌కు పూలు, మసీదు హజరత్ గారిని పిలవడం, పదో రోజు వంట, నలభయ్యో రోజుకు ఏర్పాట్లు: ఇవి అన్నవి. వచ్చినవాళ్లతో మాట్లాడటం అమ్మది. గద్దించడం గఫూర్ మామది. అమ్మ తమ్ముడాయన. ఆ పని ఎవరూ ఇవ్వకపోయినా తీసుకున్నాడు.

"ఏమే గ్రాడ్యుయేటూ, మీ నాన్న ఎక్కడ పోయాడో గవర్నమెంటుకెందుకే? పోయాడు, చాలదా?"

"చాలదు మామా. ఆ పత్రం లేకపోతే మిగతా ఒక్క పనీ కదలదు. ఇరవై ఒక్క రోజుల్లోపు నమోదు చేయించాలి. నెల దాటితే అఫిడవిట్టు, పై అధికారి అనుమతి, ఆ తిరుగుడు వేరే."

"అయితే ఇల్లు అని కొట్టు. ఊళ్లో సగం మంది ఇంట్లో పోయినట్టే రాసుంటారు."

అమ్మ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయినావిడ నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. లోపలి గదిలో పరుపు మీద కూర్చుని ఉండేది. నాన్న ఉన్నన్నాళ్లూ ఇంట్లో పని తర్వాత పని వెతుక్కున్న మనిషి, ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోలేక పాత బొంతల కుట్లు విప్పి మళ్లీ కుట్టేది. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు ఆమె దగ్గర, మగవాళ్లు వరండాలో అన్న దగ్గర కూర్చునేవాళ్లు. ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "ఎలా జరిగింది?"

అన్న చెప్పేవాడు. మొదటిరోజు చెప్పింది రెండు మాటలే: గుండె నొప్పన్నాడు, వినుకొండ ఆస్పత్రికి చేర్చాను, అక్కడ పోయాడు. జియారత్ నాటికి డాక్టరు ఛాతీ మీద నొక్కడం కలిసింది. పదో రోజుకు వచ్చేసరికి అతని మాటల్లో నాన్న అతని చెయ్యి పట్టుకుని, ఆఖరి ఘడియలో చదివే కలిమా చదివి కళ్లు మూశాడు. వినేవాళ్లు తల ఊపి, "అదృష్టవంతుడు" అనేవాళ్లు. వాళ్లు వెళ్లగానే అన్న బకెట్టు తీసుకుని తన ట్రాలీ ఆటో కడిగేవాడు. గుంటూరు యార్డుకు మిర్చి బస్తాలు తోలే బండి అది. పదహారు రోజులుగా ఒక్క కిరాయికీ వెళ్లలేదు. రోజుకు రెండుసార్లు మాత్రం కడుగుతున్నాడు.

ఆస్పత్రికి నేనే ఫోన్ చేశాను. అక్కడ చనిపోతే వాళ్లే నమోదుకు పంపాలి. రిజిస్టర్‌లో ఆ పేరు లేదన్నారు. ఓపీ చీటీ కూడా లేదు.

"అన్నయ్యా, నాన్నని చేర్చుకోలేదా వాళ్లు?" అని అడిగాను.

"చేర్చుకున్నార్లే. రాసుకోలేదేమో."

"డాక్టరు ఛాతీ నొక్కాడంటివి."

"నా మీద కేసు పెట్టి ప్రశ్నిస్తన్నావా ఏందే?" అని బకెట్టు ఎత్తుకుని వెళ్లిపోయాడు.

పదిహేడో రోజు పంచాయతీ కార్యదర్శి యలమంద గారే ఇంటికి వచ్చారు. నాన్న ఇంట్లోనే పోయాడని మామ ఆయనకు చెప్పి వచ్చాడట. ఇంట్లో జరిగిన మరణం అంటే ఒకసారి వచ్చి విచారించుకోవడం ఆయన పద్ధతి. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేశాం. గది గుమ్మానికి పరదా ఉంది, అమ్మ దాని వెనక కూర్చుంది. అన్న బండి చక్రం దగ్గర గొంతుక్కూర్చుని గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఇంట్లోనే కదండీ?" అన్నారు యలమంద గారు.

"ఇంట్లోనే" అన్నాడు మామ.

"ఎన్నింటికి?"

"తెల్లారుజామున."

"ఆ టైముకి పక్కనెవరున్నారండి? వాళ్ల పేరు రాసుకుంటాను."

మామ అన్న వైపు చూశాడు. అన్న చక్రం తుడవడం ఆపలేదు. నేను నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకే తెలియదు. పని అయిపోతే చాలనుకున్నాను, అది మాత్రం నిజం.

పరదా వెనక నుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఇంట్లో పోలేదయ్యా."

"అక్కా, నువ్వూరుకో" అన్నాడు మామ.

"ఆస్పత్రిలో కూడా పోలేదు. దారిలో పోయాడు."

అన్న చేతిలో గుడ్డ ఆగిపోయింది.

యలమంద గారు టీ గ్లాసు కింద పెట్టారు. "బండిలో వెళ్తుండగా ప్రాణం పోతే, ఆ బండి మొదట ఎక్కడ ఆగిందో ఆ పంచాయతీలో నమోదు చేస్తారమ్మా. మా దగ్గర కాదు. నేను ఇల్లు అని రాసేసి రేపు ఎవరైనా అడిగితే నా ఉద్యోగం మీదికొస్తుంది. ఎక్కడ ఆగిందో చెప్తే అక్కడి కార్యదర్శికి నేను ఫోన్ చేస్తాను." సగం టీ వదిలేసి లేచారు. మనుషుల ముఖాలు చదవగలిగిన ఉద్యోగి ఆయన.

ఆయన వెళ్లాక అన్న గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరు చెప్పాలి? ఆ పొద్దున బొంత చుట్టింది నేను. చలికి వణుకుతున్నాడని నా పాత చీర చింపి, బొంత ఊడకుండా ఛాతీ మీద ముడేశాను. నువ్వు ఇంటికి తెచ్చినప్పుడు ఆ ముడి అట్టాగే ఉంది. నా చేత్తో నేనే విప్పాను. డాక్టరు ఛాతీ నొక్కాడంట. ముడి విప్పకుండా ఎట్టా నొక్కుతాడ్రా?"

పదిహేడు రోజులుగా పరదా వెనక కూర్చుని అన్న చెప్పే మాటలన్నీ ఆమె వింటూనే ఉంది. ఒక్కసారీ అడ్డు చెప్పలేదు.

"ఒక్కటి చెప్పు" అంది అమ్మ. "ప్రాణం పోయేటప్పుడు పక్కన కూర్చున్నావా, లేదా?"

అన్న గడప మీద కూలబడ్డాడు.

"బండి తోలేది నేనే కదమ్మా. నూట ఎనిమిదికి చేస్తే నలభై నిమిషాలన్నారు. నాన్నని వెనక పడుకోబెట్టి తోలుకుపోయా. ముందురోజు బస్తాలు దించి బండి ఊడవలా. మిరప్పొడి అంతా ట్రాలీలోనే ఉంది. వెనక దగ్గుతున్నాడు. ఘాటుకేమోలే అనుకున్నా. బండి ఆపితే లేటవుద్దని ఆపలా. జిన్నింగ్ మిల్లు దాటాక దగ్గు ఆగింది." అతను ఆగి, మళ్లీ అన్నాడు. "హమ్మయ్య, తగ్గింది అనుకున్నానమ్మా. కొత్తపాలెం గేటు పడింది. గూడ్సు వస్తంది. దిగి వెనక్కెళ్లి చూశా. గేట్‌మ్యాన్ నీళ్ల సీసా ఇచ్చాడు. నోట్లో పోస్తే పక్కనుంచి కారిపోయాయి. ఆస్పత్రిలో డాక్టరు బండి దగ్గరికే వచ్చి రెప్ప ఎత్తి చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు."

"మరి కలిమా?"

"నేను చదివా. చెవిలో. అప్పటికి ఆయన వినలేడు."

గఫూర్ మామ సగం టీ ఉన్న గ్లాసు తీసుకుని పెరట్లోకి నడిచాడు.

"నేను వస్తానన్నాను కదరా" అంది అమ్మ. గొంతు పెంచలేదు. "వెనక కుదుపుగా ఉంటుందని నువ్వొద్దన్నావు. చెప్పులు కూడా వేసుకున్నాను."

అమ్మ ఆ రోజూ, మర్నాడు మధ్యాహ్నం దాకా అతనితో మాట్లాడలేదు. అన్నం నా చేత పంపింది. అన్న తినలేదు, బండి కడగలేదు, ఇంటికీ రోడ్డుకీ మధ్య తిరిగాడు. ఇంకా మూడు రోజులే ఉన్నాయని నోటుబుక్కులో రాసుకుని, అడిగే ధైర్యం లేక నేనూ అలాగే తిరిగాను. మరణానికి ముందు అందిన వైద్యం అనే గడిలో నేను ముందే 'ఆస్పత్రిలో' అని టిక్కు పెట్టి ఉన్నాను. అది కొట్టేసి 'ఏదీ అందలేదు' మీద పెట్టాల్సి వచ్చింది. కాగితం మీద అంత చిన్న గీత గీయడానికి నాకు చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం అమ్మ పిలిచింది. "నజ్మీనూ, ఆ కాగితం మీ అన్నకివ్వు. గేటు పేరే రాయమను. ఆయన ఎక్కడ పోయాడో అదే ఉండాలి అందులో."

పంతొమ్మిదో రోజు పొద్దున ఇద్దరం ట్రాలీలో వెళ్లాం. దారిలో జిన్నింగ్ మిల్లు ముందు పత్తి లారీలు వరుసగా నిలబడి ఉన్నాయి. అక్కడి నుంచి గేటు దాకా అన్న బండి నెమ్మదిగా తోలాడు. గేట్‌మ్యాన్ మమ్మల్ని చూడగానే గుర్తుపట్టాడు. "నీళ్లిచ్చింది నేనేనండి" అని, నేను అడగకముందే సాక్షి సంతకానికి ఒప్పుకున్నాడు. కొత్తపాలెం కార్యదర్శికి యలమంద గారు ఫోన్ చేసి ఉంచారు. ఆవిడ ఆధార్ కార్డులు, ఫారం చూసి, "వాహనంలో, మొదట ఆగిన చోటు కొత్తపాలెం రైల్వే గేటు" అని చదివి, "సమాచారం ఇచ్చేది ఎవరు?" అంది.

"నేనండీ. కొడుకుని" అన్నాడు అన్న. సంతకం చేశాడు. చివరి అక్షరం గీత దాటి పోయింది. ఆవిడ రసీదు ఇచ్చింది.

ఇంటికి వచ్చేసరికి నాన్న దగ్గర పని నేర్చుకున్న గౌస్ బాషా దర్శి నుంచి వచ్చి వరండాలో కూర్చుని ఉన్నాడు. కబురు ఆలస్యంగా తెలిసిందట. అన్నను చూడగానే లేచి కౌగిలించుకుని, అందరూ అడిగేదే అడిగాడు. "ఎలా జరిగిందన్నా?"

"ఆస్పత్రిలో..." అని అన్న మొదలుపెట్టి ఆగిపోయాడు. గౌస్ బాషా ఎదురుచూస్తున్నాడు. అన్న నా వైపు చూశాడు. నేను చేతిలో రసీదు మడత పెట్టుకున్నాను.

పరదా వెనక బొంత కుడుతున్న సూది ఆగిందని చప్పుడు లేకుండానే తెలిసింది.

"కొత్తపాలెం గేటు దగ్గర, బాషా" అంది అమ్మ. "బండిలో. వీడు ముందు తోలుతున్నాడు. మిగతాది వీడే చెప్తాడు. చెప్పరా నజీరూ, కూర్చుని చెప్పు."

అన్న చాప మీద కూర్చున్నాడు. "వెనక దగ్గుతున్నాడు" అని మొదలుపెట్టాడు.

నేను లోపలికి వెళ్లి రసీదు అమ్మకు చూపించాను. చదవడం రాకపోయినా దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, బొంత కింద దాచింది.

"ఇద్దత్ గడువయ్యాక నన్నా గేటు దగ్గరికి తీసుకెళ్లండి" అంది. "వెనకే కూర్చుంటాను."