క్లేరమ్మ వచ్చేలోపు

పామిడి దగ్గర ఒక సేవాసంస్థలో నా పని ఫ్రెంచి ఉత్తరాలు రాయడం, చదివి చెప్పడం. 2002 జూలైలో మేకలు కాసే మారెక్క వచ్చి నా బల్ల ముందు కూర్చుంది.

"సరళమ్మా, క్లేరమ్మకు రాయాల."

క్లేర్ మా ఆసుపత్రిలో మూడేళ్లు పనిచేసిన ఫ్రెంచి నర్సు. మారెక్క కాన్పు కష్టమైతే వారం రోజులు వాళ్లింట్లోనే ఉండి చూసుకుంది. ఆ వారమంతా వానకు మట్టిమిద్దె కారుతుంటే, ఇద్దరూ మంచం అటూ ఇటూ జరుపుకుంటూ నవ్వుకున్నారట. మళ్లీ నవంబరులో వస్తానని చెప్పి తన దేశానికి వెళ్లింది.

"ఆయమ్మ వచ్చేతలికి మిద్దె కారకుండా పైన చౌడుమన్ను ఏసింటా. శెనక్కాయ పెరికింటాం. మేక ఈనింటాది. అట్ల రాయి."

"వాన లేకుంటే యాడ పెరుకుతావు మారెక్కా?"

"నువ్వు రాయమ్మా, అడ్డం మాట్లాడాకు!"

నాకు చిర్రెత్తింది. కానీ ఆమె చెప్పిన తీరుకు ఫ్రెంచిలో సరిగ్గా సరిపోయే క్రియ ఉంది. ఒక పని జరిగే వేళకు ఇంకోటి ముందే ముగిసి ఉంటుందని చెప్పేది. "కాఁ తు వియెంద్రా, నూజొరోఁ అరాషే లెజ్ అరాషీద్" అని రాశాను. అంటే, నువ్వు వచ్చేటప్పటికి మేము వేరుశెనగ పెరికేసి ఉంటాం. చౌడుకూ మేకకూ కూడా అదే పద్ధతి. చదివి వినిపిస్తే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా మారెక్క ముఖం వెలిగింది.

నవంబరులో జవాబు వచ్చింది. కబురు పంపితే, మారెక్క కొంగులో పచ్చి శెనక్కాయలు కట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పంట పావు వంతే దక్కింది. అయినా పెరికింది. మేక రెండు పిల్లల్ని ఈనింది. చౌడు కూడా వేసేసింది.

నేను మొదటి వాక్యం చూసి ఆగిపోయాను. "జు సెరే దేజా పార్తీ" అని ఉంది.

"చదువమ్మా."

"ఈ ఉత్తరం నీకు అందేటప్పటికి నేను మాలి దేశానికి వెళ్లిపోయి ఉంటాను. నన్ను అక్కడి ఆసుపత్రిలో పనికి వేశారు."

"అంటే ఇప్పుడు పోయిందేనా?"

"పోయిందే, మారెక్కా."

ఆమె కొంగు ముడి విప్పి, కాయలు నా బల్ల మీద పోసింది. మారెక్క ఏడవలేదు. కిటికీలోంచి దారి వైపు చూసింది.

"ఇంగొకటి రాయి. ఎప్పుడొస్తాదో తెలీకున్నా రాయొచ్చా?"

"రాయొచ్చు. 'నువ్వు వచ్చేటప్పటికి' అంటే చాలు, తేదీ అక్కర్లేదు."

"అయితే చౌడు సంగతే రాయి. ఏటేటా ఏస్తా. ఆయమ్మ ఏ యేడు వచ్చినా, అప్పటికి ఏసే ఉంటా."