ఒన్ను, అర

తన గుండె గురించి ఒక డాక్టరు ఇంకో డాక్టరుకి ఉత్తరం రాస్తారని విన్నప్పుడు సలోమికి నవ్వొచ్చింది.

"నేనేమన్నా పెళ్లికూతుర్నా మేడం, నా గుణగణాలు రాసి పంపడానికి?"

"పెళ్లికూతురైతే లోపాలు దాస్తారు. ఇందులో లోపాలే ముందు రాస్తాం," అన్నారు డాక్టర్ అమ్మిణి చాండి.

సలోమి కేరళలోని కుట్టనాడులో బాతులు పెంచే మనిషి. పదేళ్ల కిందట అలప్పుళలో గుండె తెరిచి, పాడైన కవాటం తీసేసి లోహపు కవాటం పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర మింగాలి. భర్త పౌలి ఐర్లండులో నర్సు. ఆరు రోజుల్లో ఆమె అతని దగ్గరికి వెళ్లిపోతోంది. అక్కడి డాక్టరుకి ఆమె ఎవరో, ఆమె గుండెలో ఏముందో ఈ ఒక్క కాగితమే చెప్పాలి.

ఉత్తరం రాసింది కుర్ర డాక్టరు నివిన్. కానీ రోగి ఎదుట మలయాళంలో చదివి వినిపించకుండా మేడం దేని మీదా సంతకం పెట్టరు. అది ఆవిడ పద్ధతి. కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టారు.

ఆపరేషన్ జరిగిన తేదీ. కవాటం ఏ తయారీ, ఎన్ని మిల్లీమీటర్లు. పంతొమ్మిదో ఏట పెన్సిలిన్ సూదికి ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడకపోవడం. పన్ను పీకించాలన్నా ముందు డాక్టరుకి చెప్పి మందు వేసుకోవాలని, ఆ మందు పెన్సిలిన్ కాకూడదని. గత మూడు రక్తపరీక్షల అంకెలు.

సలోమి కదలకుండా వింటోంది. పెన్సిలిన్ సంగతి తనే మరిచిపోయింది. పదేళ్ల జ్వరాలు, భయాలు, బస్సు ప్రయాణాలు, అన్నీ ఒక పేజీలో పట్టాయి! తన ఛాతీలో ఉన్న వస్తువు కొలత తనకి తెలియదు, ఎక్కడో సముద్రం అవతల మనిషికి తెలియబోతోంది. కన్య మరియమ్మ పటం ముందు నిలబడ్డట్టు చేతులు ఒడిలో పెట్టుకుంది.

"మందు: రెండు మిల్లీగ్రాముల మాత్ర, రోజుకి ఒకటిన్నర," చదివారు మేడం.

"కాదు."

అన్నాక సలోమికే భయమేసింది. అంత పవిత్రంగా ఉన్న కాగితాన్ని కాదనడమా!

నివిన్ ముందుకొచ్చాడు, అక్కని పిలిచినట్టు. "చేచ్చీ, నేను ఫోన్‌లో అడిగానుగా. ఒన్నర అని మీరే అన్నారు."

"ఒన్ను, అర అన్నాను మోనే, బాబూ! ఒక రోజు ఒన్ను, ఒక రోజు అర. నువ్వు రెండూ కలిపి మింగేశావు."

మలయాళంలో ఒన్ను అంటే ఒకటి, అర అంటే సగం. నెమ్మదిగా అంటే ఒకటీ, అరా. గబగబా అంటే ఒన్నర, అంటే ఒకటిన్నర. పైగా ఆమె మందుల కార్డులో నర్సు 1 పక్కన గీత గీసి ½ రాసింది. ఆ గీత చెమటకి చెరిగిపోయింది.

మేడం ఉత్తరం బల్ల మీద పెట్టారు. "నోటి మాట వద్దు. మాత్రల పెట్టె తీయి."

సలోమి సంచిలోంచి ఏడు గళ్ల పెట్టె తీసి మూత తెరిచింది. ఆది, మంగళ, గురు, శని: పూర్తి మాత్ర. సోమ, బుధ, శుక్ర: సగం. మేడం వేలితో ఒక్కో గడీ తాకుతూ లెక్కపెట్టారు.

"వారానికి పదకొండు మిల్లీగ్రాములు. నువ్వు రాసింది ఎంత, నివిన్?"

అతను ఉత్తరం కేసి చూశాడు. "ఇరవై ఒకటి."

"అక్కడ ఈ మాత్ర దొరక్కపోవచ్చు. వార్ఫరిన్ ఇస్తారు. ఎంతతో మొదలుపెట్టాలో నీ అంకె చూసే లెక్క కడతారు. మన ఇరవై ఒకటి నమ్మి ఉంటే?"

ఆ మందు ఎక్కువైతే రక్తం కారడం ఆగదు. మెదడులో రక్తం కారితే ఏమవుతుందో సలోమికి వార్డులో చూసి తెలుసు.

"ఒక్క గీత పోతే నేను పోయేదాన్నా?" అంది మెల్లగా.

"పోయేదానివే," అన్నారు మేడం, దాచకుండా.

నివిన్ మళ్లీ కూర్చున్నాడు. ఈసారి మాటల్లో కాకుండా ఏడు గళ్లు గీసి, ప్రతి రోజు కింద మిల్లీగ్రాములు వేశాడు. కంపెనీ పెట్టిన పేరు కొట్టేసి మందు అసలు పేరు రాశాడు. రక్తపరీక్షలో అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలనీ, మందు మారిస్తే మూడు నాలుగు రోజుల్లో పరీక్ష చేయాలనీ చేర్చాడు.

"తోటకూర సంగతి రాశావా?" అడిగింది సలోమి. "వారానికి మూడు సార్లు తింటాను. అక్కడ దొరక్క మానేస్తే అంకె మారుతుందన్నారుగా."

అతను అదీ రాశాడు. లేచి నిలబడి మొదటి నుంచి చదివాడు, ఒక్కో మాటా విడదీసి. గురువారం దగ్గర ఆగి ఆమె మొహం చూశాడు. ఆమె తలూపాక శుక్రవారానికి వెళ్లాడు.

చదవడం అయింది. మేడం కలం మూత తీశారు కానీ కాగితం మీద పెట్టలేదు. ఆ పెద్ద డాక్టరు, ఆ కుర్ర డాక్టరు, ఇద్దరూ తనకేసి చూస్తున్నారు. ఎందుకో సలోమికి ముందు అర్థం కాలేదు. వాళ్లు ఆగింది తన మాట కోసం.

ఆమె మాత్రల పెట్టె ఇంకోసారి చూసుకుంది. వేళ్ల మీద ఆదివారం నుంచి శనివారం దాకా లెక్క వేసుకుంది.

"సరిగ్గా ఉంది," అంది. "పెట్టండి మేడం."