ఇద్దరిదీ ఒకటి పాయింట్ మూడే

ఛాయాదేవి పొద్దున్నే ముక్కు మూసుకుని సొరకాయ తొక్కల రసం తీసేది. ఉమాపతి ఆ పచ్చటి నురగను గటగటా తాగి, మీసాలకు అంటింది తువ్వాలుతో తుడుచుకుని, ఆ తువ్వాలును ఆమె భుజమ్మీదికి విసిరి, నాచారం చెరువు కట్టకు వాకింగ్‌కు పోయేవాడు. అక్కడ రిటైరైన మగవాళ్ల గుంపు ఒకటుంది. పిల్లల మార్కులు చెప్పుకున్నట్టు కిడ్నీ పరీక్షలో వచ్చిన క్రియాటినిన్ అంకెలు చెప్పుకుంటారు.

"నాది వన్ పాయింట్ త్రీ, బాలరాజూ. లిమిట్ వన్ పాయింట్ ఫోర్. లోపల్నే ఉన్న."

"నువ్వు గట్టోనివి అన్నా. నాది బార్డర్ మీదుంది."

ఉమాపతి ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా మైక్రోమీటరు పట్టి ఇరుసులు కొలిచాడు. డ్రాయింగు మీద రాసిన హద్దులో ఉంటే పాస్, దాటితే తుక్కు. ఇరుసును ఎవరు తిప్పారు, ఏ మిషను మీద తిప్పారు అన్నది అతనికి అక్కర్లేదు. ఇంట్లోనూ అదే చూపు.

ఆర్నెల్ల కింద మొగుడూ పెళ్లాం ఒకే రోజు రక్తపరీక్ష చేయించుకున్నారు. ఇద్దరిదీ 1.3 వచ్చింది. దాని కింద ఇంకో వరుస, ఈజీఎఫ్‌ఆర్ అని, కిడ్నీల వడపోత లెక్క. అతనిది 61. ఆమెది 46.

"గిదేంది, నాది తక్కువుంది?" అని ఛాయాదేవి అడిగింది.

"గది కొలిచింది గాదే, లెక్కగట్టింది. అందాజ. అందాజ మీద నేనెన్నడన్న సంతకం బెట్టిన్నా? పైది సూడు, పైది. ఇద్దరం పాస్."

డాక్టరు దగ్గరికి ఒక్కడే పోయాడు. ఒకటే అంకెకు ఇద్దరు పోవడమెందుకని. ఆ డాక్టరు అతని రిపోర్టు చూసి, మూత్రపరీక్ష చూసి, నీ వయసుకు ఇది జబ్బు కాదు పో అన్నాడు. ఉమాపతి ఆ మాటను ఇంటికి తెచ్చి ఇద్దరికీ పంచాడు.

"మనకేం లేదన్నడు."

మనకు! ఆ ముక్క తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చినా ఆమెకు ఒళ్లు జలదరించేది.

ఏం లేదన్నా అతను ఊరుకోలేదు. ఫోన్లో వీడియోలు చూసి పథ్యం మొదలుపెట్టాడు. కూరగాయలు రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోయాలి. ఉప్పు వేయకూడదు. అతని చప్పిడి కూర అతనికి వేరే గిన్నెలో. ఆమెకు రాత్రి మిగిలిన పులుసు, ఆవకాయ. లిఫ్టు లేని మూడో అంతస్తు, అరిగిన మోకాళ్లు. పొద్దునొకటి, రాత్రొకటి నొప్పిమాత్ర వేసుకుంటేగానీ ఆమె స్టవ్ ముందు నిలబడగలిగేది కాదు. మాత్రల పట్టీలు తెచ్చేది ఉమాపతే.

"ఏస్కో. నడుస్తయ్ కాళ్లు."

కొన్నాళ్లకు మూత్రం నురగ రావడం మొదలైంది. నీళ్లు కొట్టినా పోని నురగ, బట్టల సబ్బులా. సిగ్గు చంపుకొని మొగుడికి చెప్పింది.

"బాత్రూమ్ కడిగే మందు ఎక్కువ బోస్తున్నవ్. తక్కువ పొయ్యి," అన్నాడు, టీవీ మీంచి కన్ను తిప్పకుండానే.

అన్నోజిగూడలో ఉండే కూతురు భాగ్యశ్రీ ఒక ఆదివారం వచ్చి, తల్లి చెప్పిందంతా విని, ఆమె చీలమండ మీద వేలు పెట్టి నొక్కింది. గుంట పడింది. పడ్డ గుంట అట్లాగే ఉండిపోయింది.

"నాయినా, ఇటు రా. ఇది గూడ అందాజేనా?"

ఉప్పల్‌లో కిడ్నీ డాక్టరు గీతిక దగ్గరికి ముగ్గురూ పోయారు. కొత్త రిపోర్టులో క్రియాటినిన్ 1.6, ఈజీఎఫ్‌ఆర్ 36. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోంది. బీపీ నూట అరవై దాటింది. ఆ బీపీని ఏళ్ల తరబడి ఎవరూ చూడలేదు, ఇంట్లో మిషను ఉన్నా. అది ఉమాపతి మిషను.

"నొప్పిమాత్రలు వేసుకుంటారా అమ్మా?" డాక్టరు ఛాయాదేవిని అడిగింది.

"లేదు మేడం, ఆమెకు అసొంటి అలవాట్లేం లెవ్వు," ఉమాపతి అందుకున్నాడు.

అతని అబద్ధానికి కాదు ఆమెకు అసహ్యం వేసింది. అది అబద్ధమని అతనికి తెలియనే తెలియదు. చేతులారా తెచ్చిచ్చిన మాత్రలు అతని బుర్రలో నమోదే కాలేదు. పొయ్యికి గ్యాసు, మనిషికి మాత్ర!

"రోజూ రెండు, మేడం. ఈయనే తెస్తడు."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. "ముందు అవి బంద్. ఇవ్వాల్టి నుంచే. కిడ్నీకి రక్తం పోయేదాన్ని అవి తగ్గిస్తయ్."

"కానీ మేడం, మొన్న ఇద్దరిదీ వన్ పాయింట్ త్రీనే గదా. నాకేం లేదన్నరు. సేమ్ రీడింగ్..."

"సార్, క్రియాటినిన్ కండలోంచి పుట్టే మురికి. మీకు కండ ఎక్కువ, మురికి ఎక్కువ పుడ్తది. అందుకే మీకు వన్ పాయింట్ త్రీ ఉన్నా వడపోత బాగనే ఉండొచ్చు. అమ్మ బక్కమనిషి, పుట్టేదే తక్కువ. ఆమె రక్తంలో గూడ అంతే మిగిలిందంటే వడపోత దెబ్బతిన్నట్టు. వయసూ, ఆడామగా చూసి కట్టే ఆ లెక్కే ఈజీఎఫ్‌ఆర్. మీరు వదిలేసింది దాన్నే."

"అది అందాజ గదా..."

"అందాజే. మీ పైదానికంటె నిజానికి దగ్గరున్న అందాజ."

భాగ్యశ్రీ కుర్చీ ముందుకు జరుపుకుంది. "డయాలసిస్ జేయాల్నా మేడం?"

"ఇప్పుడు కాదు. మూడు నెలలు దాటి తక్కువుంటేనే దీర్ఘ జబ్బంటం. అమ్మది ఆర్నెల్లుగ తక్కువుంది. అప్పుడు మూడో స్టేజీలో పై సగం, ఇప్పుడు కింది సగం. పోయిందంతా తిరిగి రాదు. నొప్పిమాత్రలు ఆపితే కొంత రావొచ్చు, ఉన్నది నిలబెట్టొచ్చు. బీపీకి మందు రాస్తున్న. రెండు వారాలకు మళ్లీ రక్తం చూడాలె. ఆవకాయ, అప్పడాలు, బయటి చిప్స్ తగ్గించాలె. పసరు, చూర్ణం అసలొద్దు. నన్నడగక ఏ మాత్రా మింగొద్దు."

"కూరగాయలు రెండుసార్లు ఉడికించాల్నా?" ఛాయాదేవి అడిగింది.

"పొటాషియం ఎక్కువుంటేనే. మీది బాగుంది. ఎవరు చెప్పిన్రు?"

ఛాయాదేవి మొగుడి వైపు చూడలేదు. అతని గిన్నెలోని నీళ్లన్నీ ఆర్నెల్లపాటు ఆమె ఒంచింది, ఆ నీళ్ల ఆవిరికే ఒళ్లంతా చెమటలు పట్టేవి.

ఇంటికొచ్చాక మెట్ల మీద మూడుసార్లు ఆగింది. మాత్ర లేని మోకాళ్లు కొరివి పెట్టినట్టు మండాయి. పైకి చేరి, వంటింటి గడపలోకి ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూలబడింది.

"వండుర్రి."

"ఎవరు?" ఉమాపతి నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు. భాగ్యశ్రీకి నవ్వొచ్చింది. తల్లికి రాలేదు.

"నిలబడాల్నంటే నాకు మాత్ర గావాలె. మాత్ర బంద్. ఇగ నువ్వే నిలబడు."

పెళ్లయినప్పటి నుంచి మొగుణ్ణి 'నువ్వు' అనని మనిషి. ఉమాపతి బీరకాయ పట్టుకుని నిలబడ్డాడు. చెక్కాడు, కోశాడు, పొయ్యి మీద వేశాడు. ఉప్పు డబ్బా తీసి చెంచా పట్టుకుని ఆగాడు.

"ఎంతెయ్యాలె?"

"అందాజగ."

"అందాజ అంటే ఎంతే?"

"నేను గిన్నేండ్లు ఏసింది, నువ్వు గిన్నేండ్లు తిన్నది. జరంత ఏసి ఆపు."

అప్పుడే ఫోను మోగింది. బాలరాజు. చెయ్యి తడిగా ఉందని ఉమాపతి స్పీకరు నొక్కాడు.

"ఏందన్నా, వాకింగ్ రాలె? దవాఖానకు పోయినవట. ఎంతొచ్చింది?"

"నాది గాదు. మా ఇంటామెది. వన్ పాయింట్ సిక్స్ అయింది. ఏం ఫికర్ లేదు, నేను కంట్రోల్‌ల పెడ్తున్న..."

ఛాయాదేవి చెయ్యి చాచి ఫోను లాక్కుంది.

"బాలరాజన్నా, నాది ముప్పై ఆరు. నీ అంకె సంగతి కట్ట మీద అందరికెరికే. మీ ఇంటామె కనకమహాలక్ష్మిది ఎంత?"

అవతల బాలరాజు ఇంట్లో టీవీ గొంతు తగ్గింది.

"ఆమెకేం, మంచిగనే ఉంటది గద వదినా."

"పరీక్ష జేయించినవా?"

"...లేదు."

"ఆమె నడుమునొప్పికి ఏం మాత్రలు దెచ్చిస్తున్నవో, గా పట్టీ మీది పేరు సదువు."

బాలరాజు ఏదో గొణిగాడు. సొరుగు లాగిన చప్పుడు. చదివాడు.

అదే పేరు, తన మాత్రలది. ఛాయాదేవి ఫోను పెట్టేసింది. పొయ్యి మీద బీరకాయ మాడుతున్న కంపు కొట్టింది. ఆమె లేవలేదు.