పేరు పిలిస్తే పలకాలి

రామకృష్ణప్పగారి కంపెనీకి ఇరవై అయిదేళ్లు నిండాయి. చైర్మన్‌గా ఆయన వీడియో సందేశం సాయంత్రం నాలుగింటికల్లా అందరి ఫోన్లకూ చేరాలి. అది బాగా వస్తేనే, దాన్ని రాసిన దివ్యశ్రీ ఉద్యోగం ఖాయమవుతుందని మేనేజర్ విష్ణువర్ధన్ పొద్దున్నే చెప్పి, ఆమె కాఫీ చేదు చేసి పోయాడు.

స్క్రిప్టులో మాత్రం వంక పెట్టడానికి లేదు. రాజమండ్రి పిల్ల, వారం రోజులు తల బద్దలు కొట్టుకుంది. వరుసకు నాలుగే మాటలు, ఒక్క ఊపిరికి ఒక్క వాక్యం, అంకెలన్నీ అక్షరాల్లో, ఆగాల్సిన చోట ఖాళీ వరుస. ప్రతి ముక్కా పైకి చదివి చూసుకుంది కూడా.

కెమెరా ముందున్న ప్రాంప్టర్ అద్దంలో, చదవాల్సిన అక్షరాలు కదిలాయి. రాయకోట నుంచి వచ్చిన పెద్దాయన రామకృష్ణప్ప హాయిగా చదువుకుంటూ పోయారు. "మన మొదటి కార్మికురాలు, మునిలక్ష్మమ్మా!" అని, ఆగిపోయారు.

అక్షరాలూ ఆగిపోయాయి. ఆయన అద్దాన్ని చూస్తున్నారు, అద్దం ఆయన్ని చూస్తోంది. మూడుసార్లు తీశారు, మూడుసార్లూ అక్కడే కొయ్యబారారు.

"మిషన్ నిలబడిపోయిందప్పా," అన్నారు చైర్మన్.

"సార్ గొంతు ఎంత జోరుగా పోతే అంత జోరుగా తిప్పేది నా పని. సార్ ఆగితే నేనూ ఆగాల గదక్కా," అన్నాడు ప్రాంప్టర్ నడిపే కార్తిక్.

విష్ణువర్ధన్ గడియారం చూశాడు. "ఆ పేరు తీసెయ్యండి, దివ్యా."

దివ్యశ్రీ స్క్రిప్టు వైపు చూసింది. ఆ పేరు కోసమే కదా మిగతాదంతా రాసింది! అప్పుడు తట్టింది. ఫ్యాక్టరీలో ఈయన ఎవరి పేరు పిలిచినా, వాళ్లు పలికేదాకా రెండో మాట ఎత్తరు. పాతికేళ్ల అలవాటు అద్దం చూసి పోతుందా?

ఒక్క పరుగున ప్యాకింగ్ విభాగానికి వెళ్లి మునిలక్ష్మమ్మను పట్టుకొచ్చింది. పక్కన నిలబెడితే ఆయన చూపు అటు పోతుందని, సరిగ్గా కెమెరా వెనకాల నిలబెట్టింది.

"...మునిలక్ష్మమ్మా!"

"ఈడనే ఉన్నానప్పా!"

అక్షరాలు కదిలాయి. 'మీ సేవలకు మా కృతజ్ఞతలు' అని అద్దం చెబుతోంది. ఆయన చదవలేదు.

"మొదటి మిషన్ వచ్చినపుడు నువ్వే తుడిచినావు. దాన్ని నడిపేది యాడ నేర్చుకుంటావని నేను నవ్వినాను. ఆ నవ్వు తప్పమ్మా." కార్తిక్ ప్రాంప్టర్ మీంచి చెయ్యి తీసేశాడు. దివ్యశ్రీ కళ్లు తుడుచుకుంది.

"ఆమె గొంతు ఎడిటింగ్‌లో తీసేద్దాం సార్," అన్నాడు విష్ణువర్ధన్.

"ఆయమ్మ పలక్కుంటే నేను ఎవురితో మాట్లాడినట్లప్పా?" అని, చైర్మన్ దివ్యశ్రీ వైపు తిరిగారు. "వచ్చే ఏడు గూడా నువ్వే రాయాల. పేరు రాస్తే మనిషిని పిల్చుకొని రా."

సందేశం మూడున్నరకే వెళ్లిపోయింది. దివ్యశ్రీ మళ్లీ స్క్రిప్టు తెరిచి, మునిలక్ష్మమ్మ పేరు కింద ఖాళీగా ఉన్న వరుసలో రాసుకుంది: ఈడనే ఉన్నానప్పా.