ఏడు గంటల బోర్డు

మా అక్క కుడికంటికి కార్నియా, అంటే నల్లగుడ్డు మీది తేట పొర, మార్చి అప్పటికి పదకొండు నెలలైంది. ఆ పదకొండు నెలలూ ఒక్క పూట తప్పకుండా పొద్దున ఏడింటికి నేను ఫోన్ చేసేవాణ్ణి. అక్క మూడో అంతస్తు కిటికీ దగ్గర నిలబడి, ఎడమకంటిని అరచేత్తో మూసుకుని, ఎదురు మేడ మీదున్న డ్రైవింగ్ స్కూల్ బోర్డు పైనుంచి కిందికి చదివేది. "ఇచ్చట కారు, స్కూటరు నడుపుట నేర్పబడును. స్త్రీలకు ప్రత్యేక శ్రద్ధ." ఆ కింద చిన్న అంకెల్లో ఫోన్ నంబరు. అది కూడా అయ్యాక నేను డైరీలో టిక్కు పెట్టుకునేవాణ్ణి.

ఈ పద్ధతి కనిపెట్టింది నేనే. నేను కంటి ఆసుపత్రిలోని నేత్రనిధిలో టెక్నీషియన్ని. చనిపోయినవాళ్ళ కళ్ళలోంచి కార్నియా సేకరించి తెస్తాను, మైక్రోస్కోపు కింద పెట్టి కణాలు లెక్కపెడతాను, ఆపరేషనయిన వాళ్ళని కూర్చోబెట్టి జాగ్రత్తలు చెబుతాను. ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక, నొప్పి అని నాలుగు వేళ్ళు మడిచి మరీ చెబుతాను. నాలుగూ రానక్కర్లేదు, ఏ ఒక్కటి వచ్చినా ఆ రోజే రండి, ముఖ్యంగా నొప్పి లేదు కదా అని ఊరుకోకండి అంటాను. బాగున్న కన్ను పాడవుతున్న కంటిని కప్పిపుచ్చుతుంది కాబట్టి రోజూ ఒక్కో కన్ను మూసి చూసుకోమంటాను. ఇన్ని తెలిసినవాణ్ణి కాబట్టి మా అక్క విషయంలో పొరపాటు జరగదని నా ధీమా. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నట్టు, నాకెవరైనా చెప్పాలన్న సంగతే మరిచిపోయాను.

ఆ రోజు తెల్లవారుతుండగా అక్క వాళ్ళ వీధి పక్క వీధిలోంచి పిలుపొచ్చింది. ఒక రిటైరైన లెక్చరర్ పోయారు. కళ్ళు ఇవ్వాలన్నది ఆయన కోరికట. నేను వెళ్ళి, కొడుకు సంతకం తీసుకుని, ఆయన రక్తం కొంచెం, రెండు కార్నియాలు తీసి, సీసాల్లోని ద్రావణంలో ఉంచి, చల్లని పెట్టెలో సర్దుకుని బయటపడేసరికి ఏడవుతోంది. మా బండి వీధి చివర ఆగి ఉంది. ఎలాగూ ఇక్కడే ఉన్నాను కదా, కింద నుంచే ఫోన్ చేసి అక్కని ఆటపట్టిద్దామనిపించింది.

పెట్టె చేత్తో పట్టుకుని అక్క వాళ్ళ మేడ ఎదుట నిలబడి ఫోన్ చేశాను. కిటికీ తెర పక్కకి జరిగింది. అక్క అరచెయ్యి ఎడమకంటి మీదుంది.

"ఇచ్చట కారు, స్కూటరు నడుపుట నేర్పబడును" అని మొదలుపెట్టింది. గొంతులో ఎప్పటి హుషారే. నేను నవ్వుకుంటూ తలెత్తి బోర్డు వైపు చూశాను. బోర్డు లేదు. తుప్పు పట్టిన ఇనప చట్రం ఉంది, దాని వెనక ఆకాశం ఉంది. ముందురోజు సాయంత్రం విప్పి దించారని తర్వాత తెలిసింది.

అక్క ఆగలేదు. స్త్రీలకు ప్రత్యేక శ్రద్ధ దాకా వచ్చి, ఫోన్ నంబరు పదంకెలూ గడగడా చెప్పేసింది.

"చివరి లైను మళ్ళీ ఒకసారి చదువక్కా" అన్నాను.

మళ్ళీ చదివింది. ఒక్క అంకె కూడా తప్పులేదు.

"ఇప్పుడు చెయ్యి తీసి, రెండు కళ్ళతో చూడు."

కిటికీలో చెయ్యి కిందికి దిగింది. ఆ తర్వాత అక్క బోర్డు ఏమైందని అడగలేదు. "ఒరేయ్, ఎక్కడున్నావు?" అంది.

మెట్లు ఎలా ఎక్కానో గుర్తులేదు. తలుపు తీసేసరికి గది చీకటిగా ఉంది. బావ తెల్లవారకముందే బేకరీ పనికి వెళ్ళిపోతాడు. కుట్టుమిషను పక్కన స్కూలు యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నాయి. మిషను మీద లైటుకి గుడ్డ చుట్టి ఉంది. వెలుతురు గుచ్చుకుంటోందని చుట్టిందట. టార్చి వేసి చూస్తే నల్లగుడ్డు చుట్టూ ఎర్రగా జీర ఉంది. మడిచిన నాలుగు వేళ్ళలో మూడు నా ఎదుటే నిలబడ్డాయి.

ఎన్నాళ్ళుగా అని అడిగాను. ఐదు రోజులు అంది. మొదట పొద్దున లేచినప్పుడు పొగమంచులా ఉండి మధ్యాహ్నానికి తేలిపోయేదట. తర్వాత తేలిపోవడం మానేసిందట. బోర్డు మీద అక్షరాలు అలికినట్టు కనిపిస్తున్నా, నోటికి వచ్చేసింది కాబట్టి చదివేసిందట.

"చుక్కలు మానేశావా?"

"ఒక్క పూట కూడా మానలేదురా. ఒట్టు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

అక్క యూనిఫారం చొక్కా ఒకటి తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. "నువ్వే కదరా అన్నావు, రెండు వేల ఎనిమిది వందల కణాలున్న కార్నియా, లక్షణంగా ఉంది, పాడు చేశావంటే ఇంకోటి ఇచ్చేది లేదు, క్యూలో నిలబడాలి అని. రాత్రిళ్ళు కూర్చుని కుట్టాను, నేనే పాడు చేసుకున్నాననుకున్నా. ఒకరు చచ్చిపోతూ ఇచ్చింది. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నేను ఆ మాట వేళాకోళానికి అన్నాను. కట్టు విప్పిన రోజు సంతోషం పట్టలేక అన్నాను. అప్పుడు అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు చూసి మరిచిపోయాను, ఆవిడ మరిచిపోలేదు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని చెప్పులు వేసుకో అని మాత్రం అన్నాను.

బండిలో వెనక సీటులో మా ఇద్దరి మధ్య పెట్టె పెట్టాను. డ్రైవరుకి విషయం చెప్పకుండానే అర్థమై వేగం పెంచాడు. పొద్దుటి వెలుతురు తగలకుండా అక్క కొంగు మొహం మీదికి లాక్కుంది. కొంతసేపటికి పెట్టె మీద చెయ్యి వేసి, ఇది ఎవరిదని అడిగింది. చెప్పకూడదన్నాను. ఎవరికని అడిగింది. అది నా చేతిలో లేదన్నాను.

"నా రక్తం గ్రూపుకి సరిపోతే నాకు పెడతారా?"

భయం వేస్తే మనిషికి ప్రశ్నలు పుడతాయి. నాకేమో భయం వేస్తే పాఠం చెప్పడం వస్తుంది. కార్నియాలో రక్తనాళాలు ఉండవు కాబట్టి మామూలుగా గ్రూపు పట్టించుకోరని చెప్పాను. ముందు ఇచ్చినవారి రక్తంలో ఎయిడ్స్, కామెర్ల లాంటి జబ్బుల క్రిములు లేవని తేలాలి. తర్వాత కార్నియా తేటగా ఉందా, లోపలి పొరలో చదరపు మిల్లీమీటరుకి కణాలు ఎన్నున్నాయి అని చూడాలి. ఆ కణాలే కంట్లోని నీటిని బయటికి తోడి కార్నియాని తేటగా ఉంచుతాయి, పోతే మళ్ళీ పుట్టవు. కణాల లెక్క, ఇచ్చినవారి వయసు చూసి, ఏది ఎవరి ఆపరేషనుకి పనికొస్తుందో డాక్టరు వరుస ప్రకారం కేటాయిస్తారు. నేను లెక్కపెట్టి కాగితం మీద రాస్తాను, అంతే.

"గ్రూపు పట్టింపు లేనప్పుడు మరి నా ఒళ్ళు దీన్నెందుకు కాదంటోంది?"

"రక్తం ఆ పొరలోకి రాదు కాబట్టి ఒంటికి చాలాకాలం తెలీదక్కా, ఇది పరాయిదని. ఎప్పుడైనా పసిగడితే మాత్రం మీద పడుతుంది. నెలలకి పడొచ్చు, ఏళ్ళకీ పడొచ్చు. మొదట్లో పట్టుకుంటే చాలాసార్లు ఆపొచ్చు."

"ఐదు రోజులంటే మొదట్లోనేనా?"

డాక్టరమ్మ చూసి చెబుతుంది అని మాత్రం అన్నాను. ఇల్లు అలకగానే పండగ కాదని రోజుకు పదిమందికి చెప్పే నోరు అది. అక్క పెట్టె మీంచి చెయ్యి తీసేసింది. "ఇది మాత్రం నాకు పెట్టనివ్వకు. వరుసలో ఉన్నవాళ్ళకి ఇవ్వండి" అంది.

ఆసుపత్రి చేరగానే పెట్టె ల్యాబులో అప్పగించి, అక్కని డాక్టరమ్మ గదికి తీసుకెళ్ళాను. మామూలుగా ఆ గదిలో నేను నిలబడి ఉంటాను, రోగుల చుట్టాలు కుర్చీలో చేతులు నలుపుకుంటూ కూర్చుంటారు. ఆ రోజు కుర్చీలో నేను కూర్చున్నాను. అక్క గడ్డం స్టాండు మీద ఆనించి, సన్నటి వెలుగు గీతకి కన్ను తెరిచింది. కన్నీళ్ళు ధారగా కారుతున్నా రెప్ప వాల్చలేదు. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. నన్ను పిలిచి చూడమంది.

అతికించిన కార్నియా కింది అంచు నుంచి తెల్లటి సన్న గీత ఒకటి పైకి పాకుతోంది. ఒంట్లోని రక్షణ కణాలు బారుగా కట్టిన వరుస అది. అది దాటిన మేర కార్నియా ఉబ్బి మసకబారింది. పైన ఇంకా తేటగానే ఉంది. గీత సగానికి కొంచెం కింద ఉంది.

ఎప్పటినుంచి అని డాక్టరమ్మ అడిగితే అక్క దాచకుండా ఐదు రోజులని చెప్పింది. రాత్రిళ్ళు కుట్టానని, అందుకే ఇలా అయిందని కూడా చెప్పింది.

"కుట్టడం వల్ల కాదమ్మా. అన్నీ సరిగ్గా చేసినవాళ్ళకీ ఇది వస్తుంది. మీ తప్పేం లేదు. రావడం ఆలస్యం చేశారు, అంతే."

అక్క అప్పుడు ఏడ్చింది. ఇంత చిన్న మాట నేను ఎందుకు చెప్పలేదా అని నాకు నా మీదే కోపం వచ్చింది.

స్టెరాయిడ్ చుక్కలు గంటకోసారి, కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేరుగా. కంటి ఒత్తిడి కొలవాలి, మర్నాడు మళ్ళీ రావాలి. తగ్గుతుందా అని నేను అడిగాను, ప్రతి రోగి చుట్టం అడిగినట్టే. రెండు మూడు రోజులు చూస్తేగాని చెప్పలేనంది, నేను ప్రతి ఒక్కరికీ చెప్పినట్టే.

బావ బేకరీలో సెలవు పెట్టాడు. గంట గంటకీ అలారం పెట్టుకుని అక్కని కంటికి రెప్పలా చూసుకున్నాడు. రెండో రోజు గీత ఉన్నచోటే ఉంది. మూడో రోజూ అంతే. ఐదో రోజు డాక్టరమ్మ పరీక్ష యంత్రం వెనక నుంచి తల ఎత్తి, వాపు తీస్తోందంది. మూడు వారాలకి కార్నియా తేటపడింది.

కణాల లెక్క మళ్ళీ నేనే చూశాను. పద్నాలుగు వందలు. వరండాలో బెంచీ మీద కూర్చుని ఉన్న అక్క, ఎన్ని మిగిలాయి లెక్కల మాస్టారూ అని అడిగింది. చెప్పాను. సగం పోయాయన్నమాట అని తల వంచుకుంది. చూపుకి అవి చాలు, కానీ ఇంకోసారి ఆలస్యం తట్టుకోలేవు అన్నాను. కట్టు విప్పిన రోజు అన్న ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది, క్షమించక్కా అని కూడా అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుందిరా మన వ్యవహారం అని నా చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు బోర్డు లేదు. బేకరీలో మధ్యాహ్నం పనికి మారిన బావ రోజూ పాత పత్రికల కట్టలోంచి పెద్దక్షరాల శీర్షికలున్న ఒక కాగితం లాగి, గోడకి అతికించి, ఆరడుగుల దూరంలో అక్కని ఎడమకన్ను మూయించి నిలబెడతాడు. ఏ కాగితం వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. అప్పుడు అక్కే ఫోన్ చేసి నాకు చదివి వినిపిస్తుంది.

నిన్న ఏడింటికి ఫోన్ మోగింది. అక్క కాగితం చదవలేదు.

"ఒరేయ్, ఇవాళ రెండో లైను అలికినట్టుంది. ఎరుపు లేదు, నొప్పి లేదు. అయినా చెబుతున్నా. చెప్పులు వేసుకుని సిద్ధంగా ఉన్నాను."

మళ్ళీ మొదలైందా అనిపించింది. మరుక్షణం, ఈసారి వెంటనే చెప్పింది కదా అనుకున్నాను. టిక్కు పెట్టడానికి తెరిచిన డైరీ మూసేసి, వస్తున్నానక్కా అన్నాను.